తొలి విదేశీ కొనుగోలుదారుకి ఏ ఉత్తరం పంపాలి? కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్ లెక్క ఇది

కాశీబుగ్గలో మా మేనమామకి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. రోజుకి టన్ను పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, కొట్టే శక్తి, అంతకు మించి లేదు. లెక్కలు రాసేది, మెయిళ్లు పంపేది నేను. ఇన్నాళ్లూ సరుకు విజయవాడ, హైదరాబాద్, కోల్‌కతా వ్యాపారులకే వెళ్లేది. దుబాయ్‌లో ఒక టోకు వ్యాపారి చిరునామా దొరికినప్పుడు, కూర్చుని రెండు పేజీల ఉత్తరం ఇంగ్లీషులో రాశాను. యూనిట్ ఎప్పుడు పెట్టాం, మా తాతకి ఎన్ని ఎకరాల జీడితోట ఉండేది, నాణ్యతకి మేమెంత ప్రాణం పెడతాం, అన్నీ ఉన్నాయి. తెలుగులో చెప్పి వినిపిస్తే మావయ్య పప్పు ఆరబెట్టే బోర్మా దగ్గరనుంచి కదలకుండానే అన్నాడు: "ఏట్రా ఇది? పప్పు అమ్ముతున్నావా, పెళ్లిసంబంధానికి జాతకం పంపుతున్నావా?"

అయినా పంపాను. జవాబు రాలేదు. తర్వాత ఇంకో రెండు రకాలుగా రాసి చూశాను. మూడింటిలో ఏది ఎవరికి పనికొస్తుందో, ఉత్తరం లోపల పరిమాణం, ధర, చెల్లింపు దగ్గర ఏ దారి ఎంచుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. సరుకు డబ్ల్యూ320, అంటే ఒక సైజు గుండు జీడిపప్పు. గుండు అంటే విరగనిది, బద్ద అంటే రెండుగా చీలినది. ధరల అంకెలు లెక్క సులువు కోసం గుండ్రం చేశాను. వాటిని ఈరోజు బజారు రేటుగా తీసుకోకండి.

మొదటిది జాతకం ఉత్తరం. దీంట్లో అవతలివాడు జవాబివ్వడానికి పట్టుకునే కొస ఏదీ ఉండదు. మంచి యూనిట్ అని తెలుసుకుని అతను చెయ్యగలిగింది ఏముంది? పప్పు వేపి అమ్మే పెద్ద రోస్టర్ కంపెనీలు కొత్త సరఫరాదారుల జాబితా కట్టేటప్పుడు ఇలాంటి వివరం అడుగుతాయి. అడిగినప్పుడు జతపరచొచ్చు.

రెండోది ధరల పట్టిక ఉత్తరం. డబ్ల్యూ180 నుంచి ముక్కల దాకా పన్నెండు గ్రేడులు, పక్కన రేట్లు. ఇది చూడటానికి వ్యాపారిలా ఉంటుంది, జవాబులు కూడా వస్తాయి. నాకు రెండు వచ్చాయి. కానీ రెండూ "320లో ఒక కంటైనర్ ఎప్పుడిస్తారు?" అనే అడిగాయి. పట్టికలో ఉన్నవన్నీ నా గోడౌన్లో ఉన్నట్టే కదా వాళ్లకి అర్థమయ్యేది. లేవని చెప్పాల్సి వచ్చింది. సరుకు లేని రేటు పంపినవాడిని రెండోసారి ఎవరూ అడగరు. చేతిలో స్టాక్ పెట్టుకుని నలుగురైదుగురు ప్రాసెసర్ల దగ్గర కొనే వర్తక ఎగుమతిదారుకి పట్టిక ఉత్తరం సరిపోతుంది. సొంతంగా పిక్క కొట్టుకునే చిన్న యూనిట్‌కి సరిపోదు.

మూడోది ఒక్క లాటు ఉత్తరం. ఒక గ్రేడు, ఒక పరిమాణం, ఒక తేదీ, ఒక ధర. నేను ఎవరికైనా సలహా ఇవ్వాల్సొస్తే ఇదే చెబుతాను. అది ఎలా ఉందో ముందు చూడండి. మెయిల్ పంపింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగు చేస్తున్నాను. అందులో ఎఫ్‌ఓబీ అంటే మన రేవులో ఓడ ఎక్కించేదాకా కలిసిన ధర, సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, బీమా కూడా కలిపి కొనేవాడి రేవుదాకా ధర. జెబెల్ అలీ దుబాయ్ రేవు.

విషయం: డబ్ల్యూ320 జీడిపప్పు, 100 కార్టన్లు, ఎఫ్‌ఓబీ విశాఖపట్నం, జూన్ 10కి సిద్ధం

"అయ్యా, మేము శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో జీడిపప్పు తయారుచేసేవాళ్లం. విశాఖపట్నం రేవు నుంచి పంపడానికి ఒక లాటు సిద్ధం చేస్తున్నాం. డబ్ల్యూ320, ఈ సీజను ఉద్దానం పిక్క, ఆవిరి మీద ఉడికించి కొట్టినది. తేమ 5 శాతం లోపు. లాటులో మూడు చోట్ల తీసిన లెక్క పౌనుకి 311, 316, 319 గుండ్లు. 25 పౌన్ల వాక్యూమ్ పౌచ్‌లు రెండు ఒక కార్టన్లో, మొత్తం 100 కార్టన్లు, 2,268 కిలోలు. ధర పౌనుకి 4.08 డాలర్లు, అంటే కిలోకి సుమారు 9 డాలర్లు, ఎఫ్‌ఓబీ విశాఖపట్నం. ఈ ధర శుక్రవారం సాయంత్రం వరకు. చెల్లింపు 30 శాతం ముందుగా, మిగతాది బ్యాంకు ద్వారా పత్రాలు ఇచ్చి. ఇదే లాటు నుంచి అరకిలో శాంపిల్ పంపగలం, కొరియర్ ఖర్చు మాది. మా నెలవారీ శక్తి ఈ గ్రేడులో సుమారు రెండు టన్నులు. జెబెల్ అలీకి సీఐఎఫ్ ధర కావాలంటే అడగండి, ఒకరోజులో చెబుతాం."

అంతే. కింద యూనిట్ పేరు, ఎగుమతికి కావలసిన ఐఈసీ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు నంబరు. ఫొటోలు రెండు జతచేశాను: ట్రేలో పరిచిన పప్పు, ప్యాక్ చేసిన కార్టన్. తాత ఫొటో తీసేశాను. మావయ్యకి అది మాత్రం నచ్చలేదు.

ఈ ఉత్తరంలో నేను ఎక్కువ తల పగలగొట్టుకున్నది ఆ "100 కార్టన్లు" అన్నమాట దగ్గర. వంద ఎందుకు? కంటైనర్ అంటే ఇంకా గొప్పగా ఉంటుంది కదా అని మా బావమరిది కూడా అడిగాడు. లెక్క చెబుతాను.

ఇరవై అడుగుల కంటైనర్లో 50 పౌన్ల కార్టన్లు 700 పట్టించడం ఈ వ్యాపారంలో అలవాటు. అంటే 15,876 కిలోలు. మా దగ్గర 80 కిలోల పిక్క బస్తాకి 48 పౌన్ల పప్పు దిగుతుంది, కిలోల్లో 21.8. టన్ను పిక్కకి 272 కిలోలు. అందులో గుండు, బద్ద, ముక్క అన్నీ ఉంటాయి. 320 గ్రేడు వాటా మాకు మూడో వంతు. రోజుకి 90 కిలోలు అనుకోండి. ఒక్క 320తోనే కంటైనర్ నింపాలంటే 176 పనిదినాలు పడుతుంది, దగ్గరదగ్గర ఏడు నెలలు. మొదటి నెలలో కొట్టిన పప్పు ఏడో నెలకి రంగు మారుతుంది, గోడౌన్లో పురుగు భయం ఉంటుంది, పిక్క కొన్న డబ్బు అన్నాళ్లూ అందులోనే ఇరుక్కుంటుంది. కంటైనర్ విలువ 35,000 పౌన్లకి 4.08 చొప్పున 1,42,800 డాలర్లు. డాలరు 85 అనుకుంటే కోటీ ఇరవై ఒక్క లక్షలు. మా ఓవర్‌డ్రాఫ్ట్ దానికి ఎక్కడా ఆనదు.

మధ్యలో ఇంకో దారి ఉంది: అన్ని గ్రేడులు కలిపిన కంటైనర్. 240, 320, బద్ద, ముక్క అన్నీ కలిపితే మా ఉత్పత్తికి 58 రోజుల్లో నిండుతుంది. సరుకు పాతబడదు. కానీ గుండు కొనేవాడు, ముక్క కొనేవాడు ఒకడే అవ్వాలి. ముక్క మిఠాయి వాళ్లకి, బేకరీలకి వెళుతుంది. గుండు ప్యాకెట్లు కట్టేవాళ్లకి వెళుతుంది. రెండు వైపులా అమ్మకం ఉన్న టోకు వ్యాపారికి ఇది నచ్చుతుంది. ప్యాకెట్లు మాత్రమే కట్టేవాడికి పంపితే విసుక్కుంటాడు. అతని అమ్మకం ఏమిటో తెలియకముందే ఇది ప్రతిపాదించకండి, రెండో మూడో ఉత్తరానికి ఉంచుకోండి.

పక్క యూనిట్ల 320 కూడా కలిపి కంటైనర్ నింపే దారి చాలామంది చెబుతారు. పలాసలో అది రోజూ జరిగే పనే. తొలి కొనుగోలుదారు విషయంలో నేను వద్దంటాను. ఒకరు ఆవిరి మీద ఉడికిస్తారు, ఇంకొకరు డ్రమ్ములో వేపుతారు. రంగు ఒకటి కాదు. కార్టన్ విప్పగానే ఒకదానిలో పాలతెలుపు, ఇంకోదానిలో లేత పసుపు కనబడితే మీరు ఎంత చెప్పినా అది రెండు లాట్ల సరుకే.

వంద కార్టన్లు పాతిక రోజుల్లో సిద్ధమవుతాయి. విలువ 20,400 డాలర్లు, పదిహేడు లక్షల ముప్పై నాలుగు వేలు. పోతే దెబ్బ గట్టిదే గాని యూనిట్ మూతపడదు. అవతలివాడికీ కొత్తవాడితో ప్రయోగం చెయ్యడానికి అది భయపెట్టే మొత్తం కాదు. ఇబ్బంది లేదనను. విడి సరుకుగా, మరొకరి సామానుతో కలిపి కంటైనర్లో వెళ్లాలి కాబట్టి కిలోకి రవాణా ఖర్చు ఎక్కువ పడుతుంది. పక్కన మసాలా దినుసులో, రసాయనమో ఉంటే వాసన పడుతుంది. అందుకే వాక్యూమ్ పౌచ్ ఒక్కటీ కారకుండా చూసుకోవాలి, కలిపే సరుకేమిటో ఫార్వర్డర్ని ముందే అడిగి రాయించుకోవాలి.

ఇక ఆ గుండ్ల లెక్క. డబ్ల్యూ320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు. ఉత్తరంలో ఊరికే "320 గ్రేడు" అనెయ్యొచ్చు, అందరూ అదే రాస్తారు. మేము మూడు అంకెలు రాయడానికి వెనకో కథ ఉంది. అంతకుముందు బయటి ఊరి వ్యాపారి ఒకాయనకి శాంపిల్ పంపాం. శాంపిల్ అంటే బాగున్నది పంపాలి కదా అని అత్తయ్య ట్రేలోంచి లావు గుండ్లే ఏరింది. పౌనుకి 302 వచ్చాయి. తర్వాత పంపిన కొద్ది సరుకులో 319 వచ్చాయి. రెండూ 320 గ్రేడే, తప్పు పట్టడానికి లేదు. కానీ ఆయన 302 చూసి ధర ఒప్పుకున్నాడు. "శాంపిల్ వేరు, సరుకు వేరు" అని ధరలో కోత పెట్టాడు. మళ్లీ కొనలేదు.

ఇప్పుడు చేసేది ఇలా. లాటులో మూడు చోట్ల పౌచ్‌లు విప్పి, చెయ్యి పెట్టకుండా చేటతో తీసి, కాటా మీద 454 గ్రాములు తూస్తాం. స్టీలు పళ్లెంలో పోసి పదేసి వరసలుగా అత్తయ్య లెక్కపెడుతుంది, నేను గోడమీది పలకపై రాస్తాను. విరిగినవి, మచ్చవి విడిగా. అరకిలో శాంపిల్ అక్కడినుంచే పోతుంది. అలాంటిదే ఇంకో పౌచ్ తేదీ రాసి మా బీరువాలో ఉంచుతాం. రేపు గొడవ వస్తే రెండు పక్కలా ఒకే పప్పు ఉండాలి.

పిక్క ఎక్కడిదన్న మాట కూడా సూటిగా రాయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఉద్దానం జీడితోటల్ని నేలకూల్చింది. మన తోటల పిక్క వేసవి సీజను దాటితే యూనిట్లకి చాలదు కాబట్టి ఆఫ్రికా పిక్క కొట్టడం పలాసలో మామూలే. అందులో సిగ్గుపడేదేం లేదు. కానీ ఆఫ్రికా పిక్క కొట్టి ఉద్దానం అని రాస్తే, సుంకం తగ్గింపు కోసం కొనుగోలుదారు రెండు దేశాల వాణిజ్య ఒప్పందం కింద మూలదేశ ధ్రువపత్రం అడిగిన రోజున పిక్క కొన్న బిల్లులే మీమీద సాక్ష్యం చెబుతాయి. కలిసిన లాటయితే కలిసిందనే రాయండి.

ధర దగ్గర తప్పులు ఎక్కువగా పౌను, కిలోల మధ్య జరుగుతాయి. మా లెక్క: తయారీ ఖర్చు కిలోకి 720 రూపాయలు, ప్యాకింగ్ 12, విశాఖ దాకా లారీ, రేవు ఖర్చులు 8, మిగులు 25. మొత్తం 765. డాలరు 85 చొప్పున 9 డాలర్లు. పౌనుకి మార్చడానికి 2.2046తో భాగించాలి, 4.08 వస్తుంది. నేను మొదట్లో తొందరలో రెండుతో భాగించి 4.50 రాశాను. ఆ ధరకి ఎవరూ జవాబివ్వలేదంటే ఆశ్చర్యమేముంది. గల్ఫ్ వ్యాపారులు కిలో లెక్క అడుగుతారు, అమెరికా, యూరప్ వాళ్లు పౌను. రెండూ రాస్తే గొడవ ఉండదు.

ఎఫ్‌ఓబీ రాయాలా, సీఐఎఫ్ రాయాలా? సీఐఎఫ్ అయితే కొనేవాడికి సుఖం: తన రేవుకి చేరిన ధర ఒక్క అంకెలో కనబడుతుంది. కానీ ఓడ కిరాయి మనం మొయ్యాలి, అది వారంలో మారుతుంది. మిగులు కిలోకి పాతిక రూపాయలు ఉన్నప్పుడు ఆ ఊగిసలాట మన నెత్తిన పెట్టుకోకూడదు. మొదటి ఉత్తరంలో ఎఫ్‌ఓబీ ఇచ్చి, అడిగితే సీఐఎఫ్ చెబుతామనడం మేలు. చాదస్తంగా అనిపించినా ఇంకో మాట. కంటైనర్ సరుకుకి, రవాణాదారుకి అప్పగించగానే మన పూచీ తీరే ఎఫ్‌సీఏ సరైనదని, ఈ వర్తక పదాలకి అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలైన ఇన్‌కోటర్మ్స్ సూచన. ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ ఎక్కేదాకా పూచీ మనదే. విడి సరుకుని మనం కంటైనర్లు నింపే స్టేషన్లో అప్పగించి వచ్చేశాక, అది ఓడెక్కేలోపు ఏం జరిగినా మనదే అన్నమాట. అయినా జీడిపప్పు బజారంతా ఎఫ్‌ఓబీ భాషే మాట్లాడుతుంది కాబట్టి నేను అదే రాసి, ఆ మధ్య రోజులకి బీమా తీసుకుంటాను.

చెల్లింపులో మూడు దారులు. మొత్తం ముందే ఇమ్మంటే కొత్తవాడు పారిపోతాడు. ఎల్‌సీ, అంటే సరైన పత్రాలిస్తే డబ్బిస్తానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చేది, భద్రం, బ్యాంకు హామీ ఉంటుంది. కోటి రూపాయల కంటైనర్ అయితే పత్రాలు చూపగానే డబ్బు వచ్చే ఎట్ సైట్ ఎల్‌సీ లేకుండా నేను లారీ కదలనివ్వను. కానీ ఇరవై వేల డాలర్ల సరుకుకి రెండు పక్కలా బ్యాంకు ఖర్చులు పెట్టి ఎల్‌సీ తెరవమంటే అతను నవ్వుతాడు. పైగా ఎల్‌సీలో ఉన్న వివరాలకీ మన కాయితాలకీ పొంతన తప్పకూడదు. అందులో రేవు పేరు విశాఖపట్నం అని ఉండి, ఇన్వాయిస్‌లో మీరు అలవాటుగా వైజాగ్ అని కొడితే బ్యాంకు దానికీ అభ్యంతరం పెట్టొచ్చు.

అందుకే ముప్పై శాతం ముందు, మిగతాది పత్రాల మీద. ముప్పై అన్నది గాలిలోంచి పట్టుకున్న అంకె కాదు. పత్రాల పద్ధతిలో అసలు ప్రమాదం ఏమిటంటే, సరుకు రేవు చేరేలోపు బజారు పడిపోతే అతను పత్రాలు విడిపించుకోడు. బ్యాంకు అతని చేత డబ్బు కట్టించదు, పత్రాలు ఇవ్వకుండా ఆపుతుంది, అంతవరకే. సరుకు అక్కడ డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పడుతూ కూర్చుంటుంది. వెనక్కి తేవాలి, లేదా ఇంకొకడికి తగ్గించి అమ్మాలి. ఆ నష్టానికి సరిపడేంత ముందుగా మన చేతిలో ఉండాలి. 6,120 డాలర్లు మాకు సరిపోతుందని లెక్కేసుకున్నాం. సరుకు విడిపించుకునే ఓడ రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్, కొనుగోలుదారు పేరున రాయించకండి, మన ఆర్డరుకి రాయించి వెనక సంతకం చేసి బ్యాంకుకి ఇవ్వండి. సరుకు అప్పు మీద ఇచ్చి తర్వాత డబ్బు తీసుకునే డీఏ పద్ధతి అడిగితే, ఎగుమతి బాకీలకి బీమా ఇచ్చే ఈసీజీసీలో ఆ కొనుగోలుదారుమీద ఎంత పరిమితి ఇస్తారో అడిగి చూసేదాకా ఔననకండి.

ఎవరికి రాయాలన్నది చివర్లో చెబుతున్నాను గాని మేము ముందే తేల్చుకున్నాం. యూరప్ దిగుమతిదారులు, ముఖ్యంగా సూపర్‌మార్కెట్లకి సరఫరా చేసేవాళ్లు, బీఆర్‌సీ లాంటి ఆహార భద్రత ఆడిట్ ధ్రువపత్రం లేకపోతే మాట్లాడరు. బూజు వల్ల పుట్టే విషం ఆఫ్లటాక్సిన్ హద్దు కూడా అక్కడ గట్టిది. నేరుగా తినే జీడిపప్పులో అందులోని బీ1 రకం కిలోకి 2 మైక్రోగ్రాములు, మొత్తం 4 దాటకూడదు. మా యూనిట్‌కి ఆ ఆడిట్ లేదు. "త్వరలో వస్తుంది" అని రాయడం కన్నా, గల్ఫ్‌లో మాలాంటి స్థాయి టోకు వ్యాపారికి రాయడం నయం అనుకున్నాం.

ఉత్తరం పంపాక వారం ఆగాను. రెండోసారి "చూశారా?" అని అడగలేదు. "లాటులో 60 కార్టన్లు ప్యాక్ అయ్యాయి, కొత్త ధర గడువు ఈ శుక్రవారం" అని రెండు వాక్యాలు పంపాను. మర్నాడు ఒక్క వాక్యం వచ్చింది: 3.98కి ఇస్తారా?

మావయ్య కోపంగా "పది సెంట్లేనా? ఇచ్చెయ్యరా, పోతాడు" అన్నాడు. కోపమెందుకో, ఇచ్చెయ్యడమెందుకో నాకు అర్థం కాలేదు. కాయితం తీసి చూపించాను. 5,000 పౌన్లకి పది సెంట్లంటే 500 డాలర్లు, 42,500 రూపాయలు. లాటు మొత్తం మీద మన మిగులు 56,700. పది సెంట్లు వదిలితే మిగిలేది 14,200, పాతిక రోజుల పనికి. 4.05 అన్నాను. అతను 4.02 అన్నాడు. 4.04 దగ్గర ఆగింది, శాంపిల్ చేరాక ముందు డబ్బు పంపుతానన్న షరతుతో. అత్తయ్య చేట తీసుకుని మూడు పౌచ్‌లు మళ్లీ విప్పింది.